నాలుగో పిన్ను: ఓటీజీ అడాప్టర్ లోపల జరిగే పని

(బెంగళూరులో తెలుగువాళ్లు కలుసుకునే ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు, జవాబులు కూడా ఇందులోనే ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండీ. వెనక బెంచీల వాళ్లకి వినిపిస్తోంది కదా? సరే.

నా చేతిలో ఉన్న ఈ రెండూ ఓటీజీ అడాప్టర్లు. ఎస్పీ రోడ్డులో ఒకే కొట్లో తీసుకున్నాను. ఒక కొస మైక్రో యూఎస్‌బీ, ఫోనులో దూరేది. రెండో కొస పెన్‌డ్రైవ్ గుచ్చుకునే పెద్ద సాకెట్టు. రంగు ఒకటే, బరువూ ఒకటే. ఇదిగో, మొదటిది ఈ పాత ఫోనుకి పెట్టి పెన్‌డ్రైవ్ గుచ్చుతున్నాను. లైటు వెలిగింది, ఫైళ్లు కూడా వస్తాయి. ఇప్పుడు రెండోది పెడుతున్నాను. అదే ఫోను, అదే పెన్‌డ్రైవ్. లైటు కూడా లేదు. కొట్టువాణ్ణి అడిగితే "మీ ఫోనులో ఓటీజీ లేదు సార్" అంటాడు. ఉందని ఇప్పుడే చూశారు. మరి తేడా ఎక్కడుంది? ఒక్క పిన్ను దగ్గర ఉంది. ఈ పూట చెప్పబోయేదంతా ఆ పిన్ను గురించే.

ముందు ఒక సంగతి. యూఎస్‌బీలో ఇద్దరూ సమానం కాదు. ఒకరు హోస్టు, ఇంకొకరు డివైజు. క్లాసులో టీచరు పేరు పిలిస్తేనే పిల్లవాడు లేచి మాట్లాడినట్టు, హోస్టు అడిగితేనే డివైజు జవాబిస్తుంది. కీబోర్డులో మీరు "అ" నొక్కారనుకోండి, అది తనంతట తాను కంప్యూటరుకి చెప్పదు. కంప్యూటరే కొన్ని మిల్లీసెకన్లకోసారి "ఏమైనా నొక్కారా?" అని అడుగుతూ ఉంటుంది, అడిగినప్పుడు చెబుతుంది. కరెంటు కూడా అంతే. అయిదు వోల్టులు ఇచ్చేది హోస్టు, పుచ్చుకునేది డివైజు.

కంప్యూటరుకి తగిలించినప్పుడు మన ఫోను డివైజు. పెన్‌డ్రైవ్ కూడా డివైజే. ఈ రెంటినీ తీగతో కలిపితే ఇద్దరూ పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. పిలిచేవాడు లేడు, కరెంటు ఇచ్చేవాడూ లేడు. ఫోనే హోస్టుగా మారాలి. ఒకే సాకెట్టుతో అవసరాన్ని బట్టి హోస్టుగానో డివైజుగానో ఉండేందుకు 2001లో యూఎస్‌బీ 2.0కి అనుబంధంగా తెచ్చిన నియమాలకే ఆన్ ద గో, పొట్టిగా ఓటీజీ అని పేరు. అప్పటికి ఇప్పటి స్మార్ట్‌ఫోన్లు లేవు. కెమెరాని నేరుగా ప్రింటరుకి తగిలించడం లాంటి అవసరాలు వాళ్ల మనసులో ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో యాప్‌లకి ఈ హోస్టు సదుపాయం 2011లో, 3.1 వెర్షన్‌తో అందింది.

మారాలి సరే, మారమని ఫోనుకి చెప్పేదెవరు? అక్కడికే వస్తున్నాను.

మామూలు యూఎస్‌బీ తీగ కోస్తే లోపల నాలుగు తీగలుంటాయి. ఎర్రది అయిదు వోల్టులు, నల్లది గ్రౌండు, తెల్లదీ పచ్చదీ డేటా. తెల్లది డీ మైనస్, పచ్చది డీ ప్లస్. ఇవి సాధారణంగా వాడే రంగులు. చవక తీగల్లో ఎవడిష్టం వాడిది, రంగు చూసి నమ్మకండి. ఇప్పుడు మైక్రో ప్లగ్గు మూతి వైపు చూడండి, అక్కడ అయిదు పిన్నులున్నాయి. తీగలు నాలుగు, పిన్నులు అయిదు! మిగిలినది నాలుగో పిన్ను, దాన్ని ఐడీ అంటారు. వరస ఇలా: ఒకటి అయిదు వోల్టులు, రెండు డీ మైనస్, మూడు డీ ప్లస్, నాలుగు ఐడీ, అయిదు గ్రౌండు. ఐడీ నుంచి తీగ బయటికి రాదు. దాని కథ ప్లగ్గు లోపలే మొదలై అక్కడే అయిపోతుంది.

మామూలు చార్జింగ్ తీగలో ఆ నాలుగో పిన్ను దేనికీ తగలకుండా ఊరికే ఉంటుంది. ఓటీజీ అడాప్టర్‌లో దాన్ని పక్కనున్న అయిదో పిన్నుకి, అంటే గ్రౌండుకి కలిపేస్తారు. చిన్న టంకం చుక్క. అంతే తేడా.

ఫోను లోపల ఆ ఐడీ గీతని ఒక రెసిస్టరు ద్వారా పైకి లాగి ఉంచుతారు. ఏమీ తగలకపోతే అక్కడ వోల్టేజి ఉంటుంది. "నేను డివైజుని" అనుకుంటుంది ఫోను. గ్రౌండు తగిలిందా, వోల్టేజి సున్నాకి పడిపోతుంది. వెంటనే రెండు పనులు జరుగుతాయి. చిప్పు తన పాత్ర మార్చుకుని హోస్టు అవుతుంది. బూస్టర్ సర్క్యూటు ఆన్ అయి, బ్యాటరీలోని 3.7 వోల్టుల చుట్టుపక్కల ఉండేదాన్ని అయిదు వోల్టులకి పెంచి ఒకటో పిన్ను మీద బయటికి పంపిస్తుంది. పెన్‌డ్రైవ్ లైటు వెలిగేది ఆ కరెంటుతోనే.

ఇప్పుడు ఈ పనిచెయ్యని అడాప్టర్ చూద్దాం. మల్టీమీటర్‌ని బీప్ కొట్టే మోడ్‌లో పెట్టాను. మైక్రో ప్లగ్గు పిన్నులు మరీ సన్నం, మీటరు మొన దూరదు, అందుకే మొనకి గుండుసూది చుట్టాను. ఒక కొస పెద్ద సాకెట్టులోని గ్రౌండు రేకు మీద పెడుతున్నాను. రెండో కొస మైక్రో ప్లగ్గులో అయిదో పిన్ను మీద. బీప్ వచ్చింది, గ్రౌండు బాగుంది. ఇప్పుడు నాలుగో పిన్ను మీద... ఏమీ లేదు. మంచి అడాప్టర్ తీసుకుని అదే నాలుగో పిన్ను మీద పెడుతున్నాను. విన్నారుగా, బీప్. అంటే ఆ రెండోదానిలో టంకం చుక్క పెట్టలేదు, లేదా ఊడిపోయింది. అది ఓటీజీ అడాప్టరే కాదు, మామూలు తీగకి తల మార్చినది మాత్రమే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నియమాల ప్రకారం ఇలా చూసి పోల్చుకోలేని పరిస్థితి రాకూడదు. హోస్టు వైపు వెళ్లే మైక్రో ఏ ప్లగ్గు దీర్ఘచతురస్రంగా ఉండాలి, డివైజు వైపు వెళ్లే మైక్రో బీ ప్లగ్గుకి ఒక వైపు మూలలు చెక్కినట్టు ఉండాలి. రెండూ పట్టే ఏబీ సాకెట్టు ఓటీజీ ఫోనులో ఉండాలి. కానీ చాలా ఫోన్లలో పెట్టింది బీ సాకెట్టే. అందులో ఆ దీర్ఘచతురస్రం ప్లగ్గు దూరదు. దాంతో బజారు తన దారి తాను చూసుకుంది. బీ ఆకారం ప్లగ్గు తీసుకుని లోపల ఐడీని గ్రౌండుకి కలిపి అమ్మేశారు. నియమానికి విరుద్ధమే, కానీ పని జరిగింది. అందుకే బయటినుంచి చూస్తే ఏది ఏదో తెలియదు.

ఇది నిజంగా ఎంత పనికొస్తుందో చెప్పడానికి ఒక ఫోను కథ చెబుతాను. మారతహళ్లిలో పీజీలో ఉండే కర్నూలు అబ్బాయి ఒకడు వచ్చాడు. మైక్రో యూఎస్‌బీ ఫోను, కింద పడి అద్దం పగిలింది. బొమ్మ కనిపిస్తోంది, టచ్ మాత్రం చచ్చిపోయింది. "అన్నా, ఫోను పోతే పోనీ, అక్క పెళ్లి ఫోటోలు అందులోనే ఉండిపోయినాయి" అన్నాడు. లాక్ తీయడానికే వేలు పనిచెయ్యదు. తీయకుండా కంప్యూటరుకి పెడితే ఫోను ఫైళ్లు చూపించదు.

ఓటీజీ అడాప్టర్ పెట్టి దానికి మామూలు తీగ మౌసు తగిలించాం. ఒక్క క్షణంలో తెర మీద బాణం గుర్తు వచ్చింది. ఫోనులో ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు. కీబోర్డులకీ మౌసులకీ అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటిస్తాయి కాబట్టి వాటికి విడిగా డ్రైవరు అవసరం లేదు. వాడిది ప్యాటర్న్ లాకు. మౌసు ఎడమ బటన్ నొక్కి పట్టుకుని చుక్కల మీదుగా లాగాడు, తెరుచుకుంది.

అంతవరకూ బాగానే ఉంది. కానీ బ్యాటరీ 22 శాతం. చార్జింగ్ పెట్టే దారి లేదు, ఉన్న ఒక్క సాకెట్టులో అడాప్టర్ కూర్చుంది. పైగా నాలుగో పిన్ను గ్రౌండుకి తగిలి ఉన్నంతసేపూ ఫోనే కరెంటు ఇస్తోంది, పుచ్చుకోవడం లేదు. ఆ కరెంటుని బయట తగిలించిన మౌసు తింటోంది.

అప్పుడు ఏం చేశామంటే, అదే తీగ మౌసుతో సెట్టింగుల్లోకి వెళ్లి బ్లూటూత్ ఆన్ చేసి, ఒక బ్లూటూత్ మౌసుని జతచేశాం. అది కదలడం మొదలుపెట్టాక అడాప్టర్ పీకేశాం. పీకగానే ఐడీ పిన్ను మళ్లీ ఖాళీ, ఫోను మళ్లీ డివైజు. మామూలు డేటా తీగతో ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే చార్జింగూ ఎక్కుతోంది, బ్లూటూత్ మౌసుతో పైనుంచి నోటిఫికేషన్ దింపి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటే ఫోటోలూ వస్తున్నాయి. తీగ మౌసు పని లాకు తీయడమూ, బ్లూటూత్ జతచేయడమూ. అంతే.

(సభలో ఒకరు: సార్, అడాప్టర్‌కే చార్జర్ కూడా తగిలించే వై కేబుల్ దొరుకుతుంది కదా. అది పెడితే సరిపోయేది కదా?)

దొరుకుతుందండీ. చాలావరకు అందులో జరిగేది ఇది: ఐడీని గ్రౌండుకి కలిపి, పక్కన చార్జరు నుంచి వచ్చే అయిదు వోల్టుల్ని కూడా అదే ఎర్ర తీగలో కలిపేస్తారు. పెన్‌డ్రైవ్‌కో హార్డ్ డిస్కుకో కరెంటు అందుతుంది. ఫోను మాత్రం "కరెంటు ఇవ్వాల్సింది నేనే" అనే లెక్కలోనే ఉంటుంది, చార్జి తీసుకోదు. ఒకే తీగ మీద ఫోను బూస్టరూ ఒక వైపు నుంచి, చార్జరూ ఒక వైపు నుంచి తోస్తుంటాయి. బయటినుంచి వోల్టేజి ఉందని గుర్తించి బూస్టరు ఆపేసుకునే ఫోన్లు ఉన్నాయి, ఆపుకోలేనివీ ఉన్నాయి. అలాంటి వై కేబుల్‌ని ఖరీదైన ఫోనుకి నేను పెట్టను.

సరైన పద్ధతి వేరే ఉంది. ఐడీని నేరుగా గ్రౌండుకి కాకుండా 124 కిలోఓమ్‌ల రెసిస్టరు ద్వారా కలపాలి. ఫోను ఆ విలువ కొలిచి, "నేను హోస్టునే, కానీ కరెంటు బయటినుంచి వస్తోంది, నేనే చార్జి అవ్వొచ్చు" అని అర్థం చేసుకోవాలి. బ్యాటరీ చార్జింగ్ నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది. కానీ ఫోను తయారీదారు ఆ విలువని చూసే ఏర్పాటు చేసి ఉంటేనే పని జరుగుతుంది, చాలామంది చెయ్యలేదు. కేబుల్ సరైనదైనా ఫోనుకి అర్థం కాకపోతే ప్రయోజనం లేదు.

ఇక కరెంటు లెక్క కాస్త చూద్దాం, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. పెన్‌డ్రైవ్ పనిచేస్తుంది, మౌసు పనిచేస్తుంది, హార్డ్ డిస్కు పెడితే టిక్ టిక్ అని ఆగిపోతుంది. తిరిగే పళ్లెం ఉన్న చిన్న హార్డ్ డిస్కు మొదలయ్యే క్షణంలో దాదాపు ఒక ఆంపియర్ అడుగుతుంది. ఫోను బూస్టరు అర ఆంపియర్‌కి కాస్త అటూ ఇటూ ఇవ్వగలదనుకుందాం. పళ్లెం తిరగడం మొదలుపెడుతుంది, వోల్టేజి పడిపోతుంది, డిస్కు ఆగుతుంది, వోల్టేజి కోలుకుంటుంది, మళ్లీ మొదలు. ఆ టిక్ టిక్ అదే. దాన్ని అలా వదిలేస్తే డిస్కుకి మంచిది కాదు, వెంటనే పీకేయండి.

అర ఆంపియర్ కూడా ఫోనుకి చిన్న విషయం కాదు. అయిదు వోల్టుల దగ్గర అర ఆంపియర్ అంటే రెండున్నర వాట్లు. బ్యాటరీ ఇచ్చేది 3.7 వోల్టులు, పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది కాబట్టి బ్యాటరీ నుంచి ముప్పావు ఆంపియర్ పైగా లాగుతుంది. మూడు వేల మిల్లీఆంపియర్‌ అవర్ బ్యాటరీ అయితే తెర, మిగతా పనులూ లెక్కపెట్టకుండానే నాలుగు గంటలు. హార్డ్ డిస్కు తప్పనిసరైతే సొంత అడాప్టరుతో కరెంటు తెచ్చుకునే హబ్బు మధ్యలో పెట్టండి.

(ముందు వరసలో ఒకావిడ: లైటు వెలుగుతుంది కానీ ఫోనులో ఏమీ కనిపించదు. అది మరి?)

మంచి ప్రశ్నమ్మా. లైటు మనకి సగం సంగతి చెప్పేస్తుంది. లైటు వెలిగిందంటే ఐడీ తగిలింది, ఫోను హోస్టుగా మారింది, అయిదు వోల్టులు వస్తున్నాయి. ఇక మిగిలినవి రెండే. ఒకటి, డేటా తీగలు. రెండు, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు రాసిన పద్ధతి.

డేటా తీగల సంగతి ఇలా. హోస్టు తన వైపు రెండు డేటా గీతల్నీ 15 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో కిందికి లాగి ఉంచుతుంది. డివైజు ఏదో ఒక గీతని ఒకటిన్నర కిలోఓమ్‌తో పైకి లాగుతుంది. డీ మైనస్ లేస్తే వచ్చింది నిదానం డివైజు, మామూలు కీబోర్డు, మౌసు ఎక్కువగా ఇలాంటివి. డీ ప్లస్ లేస్తే వేగం ఎక్కువది, పెన్‌డ్రైవ్ అలా వస్తుంది, ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకుని ఇంకా పై వేగానికి వెళ్తారు. ఏ గీతా లేవకపోతే అసలు ఎవరో వచ్చారన్న సంగతే ఫోనుకి తెలియదు. అందుకే డేటా తీగ తెగిన అడాప్టర్‌లో లైటు వెలుగుతుంది, ఫోను మాత్రం పలకదు. దీన్ని పట్టుకోవడం సులువు. అదే అడాప్టర్‌కి మౌసు పెట్టండి. బాణం గుర్తు వస్తే అడాప్టర్ తీగలన్నీ బాగున్నట్టే, తప్పు పెన్‌డ్రైవ్‌ది.

అప్పుడు పెన్‌డ్రైవ్‌ని కంప్యూటరులో పెట్టి ఫార్మాట్ ఏమిటో చూడండి. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే చాలా ఫోన్లు చదవవు. కొన్ని "డ్రైవ్ పాడైంది, ఫార్మాట్ చెయ్యాలా?" అని కూడా అడుగుతాయి. జాగ్రత్త, ఓకే నొక్కేరు! డ్రైవ్ పాడవలేదు, ఫోనుకి ఆ పద్ధతి రాదు, అంతే. ఉన్నవన్నీ కంప్యూటరులోకి ఎత్తిపెట్టుకుని ఫ్యాట్32లోకి గానీ ఎక్స్‌ఫ్యాట్‌లోకి గానీ మార్చుకోండి. ఫ్యాట్32ని ఏ ఫోనైనా చదువుతుంది కానీ నాలుగు జీబీ దాటిన ఒక్క ఫైలు అందులో పట్టదు. పెళ్లి వీడియోలున్నవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి.

లైటే వెలగకపోతే అప్పుడు ఐడీ పిన్ను అనుమానించండి, ఇందాక చూపించినట్టు మీటరుతో. ఐడీ బాగుందీ అనుకుంటే, కొన్ని ఫోన్లలో ఓటీజీకి విడిగా స్విచ్చు ఉంటుంది, సెట్టింగుల్లో. కాసేపు వాడకపోతే దానంతట అదే ఆఫ్ అయిపోతుంది. నిన్న పనిచేసింది, ఇవాళ చెయ్యడం లేదంటే ముందు అది చూడండి. అదీ కాకపోతే ఆ ఫోనులో బూస్టరే లేకపోవచ్చు.

(ఒక విద్యార్థి: ఇప్పుడు అందరి దగ్గరా టైప్ సీ కదా సార్, అందులో ఐడీ పిన్ను ఉందా?)

లేదు బాబూ. టైప్ సీ సాకెట్టులో ఇరవై నాలుగు పిన్నులున్నా ఐడీ మాత్రం లేదు. దాని పని సీసీ అనే పిన్నులు చేస్తాయి. టైప్ సీ ఓటీజీ అడాప్టర్ లోపల ఒక సీసీ పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 5.1 కిలోఓమ్‌ల రెసిస్టరు ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఫోను ఆ గీత మీద కాసేపు హోస్టులా, కాసేపు డివైజులా వేషం మారుస్తూ వెతుకుతుంటుంది. 5.1 కిలోఓమ్‌లు గ్రౌండు వైపు కనిపించగానే "అవతల ఉన్నది కరెంటు అడిగేవాడు, నేను హోస్టుని" అని నిర్ధారించుకుని అప్పుడే అయిదు వోల్టులు వదులుతుంది. కంప్యూటరు నుంచి వచ్చే ఏ టు సీ తీగలో దీనికి వ్యతిరేకం. అందులో సీసీ పిన్నుని 56 కిలోఓమ్‌లతో అయిదు వోల్టుల గీతకి కలుపుతారు. అది చూసి ఫోను డివైజు అవుతుంది. అంటే మైక్రోలో టంకం చుక్క చేసిన పని ఇక్కడ రెసిస్టరు చేస్తోంది. అడాప్టర్‌లో ఆ రెసిస్టరు ఊడితే లైటు వెలగదు, సరిగ్గా నాలుగో పిన్ను తెగినప్పటిలాగే.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్ద ఏ మగ ప్లగ్గు ఒక వైపు, సీ ఆడ సాకెట్టు ఒక వైపు ఉండే బుల్లి అడాప్టర్ కూడా బజారులో వేలాడుతూ కనిపిస్తుంది. నియమాలు దాన్ని ఒప్పుకోవు. దానితో ఏ టు సీ తీగ కలిపితే రెండు కొసలా ఏ మగ ప్లగ్గులున్న తీగ తయారవుతుంది. అలాంటిది రెండు కంప్యూటర్ల మధ్య పెట్టారంటే, రెండూ అయిదు వోల్టులు వదిలేవే కాబట్టి ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి తోసుకెళ్తుంది. మనకి కావలసిన అడాప్టర్‌లో సీ మగది, ఏ ఆడది. కొనేముందు అది చూసుకోండి.

(ఇంకొకాయన: నా ఫోనులో టైప్ సీ అడాప్టర్ ఒక వైపు పెడితే పనిచేస్తుంది, తిరగేసి పెడితే పనిచెయ్యదు. అడాప్టర్ మార్చాలా?)

ముందే మార్చొద్దండీ. అడాప్టర్ ప్లగ్గులో ఆ రెసిస్టరు కట్టేది ఒక్క సీసీ పిన్నుకే. ఫోను సాకెట్టులో మాత్రం సీసీలు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. ఏ వైపు తిప్పి పెడితే ఆ వైపు సీసీ పిన్నుకి తగులుతుంది, ఏది తగిలిందో చూసి ఫోను తిప్పుడు తెలుసుకుంటుంది. ఒక వైపే పనిచేస్తోందంటే మీ ఫోను సాకెట్టులో రెండో సీసీ పిన్నుకి మట్టో జేబులో దూదో అడ్డుపడి ఉండొచ్చు, లేదా పిన్ను అరిగి ఉండొచ్చు. తెలుసుకోవాలంటే అదే అడాప్టర్‌ని ఇంకో ఫోనులో రెండు వైపులా పెట్టి చూడండి. అక్కడ రెండు వైపులా పనిచేస్తే లోపం మీ ఫోనుదే. చార్జర్ కూడా అదే వైపు మొరాయిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఫోను ఆఫ్ చేసి, చెక్క పుల్లతో మెల్లగా దుమ్ము తీసి మళ్లీ ప్రయత్నించండి. సూది మాత్రం పెట్టకండి, పక్క పక్కనే ఉన్న పిన్నులు వంగిపోతాయి. అప్పటికీ రాకపోతే సాకెట్టు మార్పించుకోవాలి, రిపేరు కొట్లో చార్జింగ్ పోర్టు అని అడిగితే సరిపోతుంది.